వేలిముద్ర వేయించే ముందు

డాక్యుమెంటరీ తీసేవాళ్ల సంచిలో కెమెరా, మైకు, బ్యాటరీలతో పాటు ఒక కాగితాల కట్ట కూడా ఉంటుంది. దాన్ని రిలీజ్ ఫారం అంటారు. ఇంటర్వ్యూ ఇచ్చిన ప్రతి మనిషి చేతా దాని మీద సంతకం పెట్టించుకోవాలి. మనవాళ్లలో చాలామంది దగ్గర ఉండేది విదేశీ నమూనా చూసి దించుకున్న ఇంగ్లీషు కాగితమే. అందులో ఒక వాక్యం దాదాపు తప్పనిసరి. నా రూపాన్ని, గొంతును, మాటలను ఇప్పుడున్న మాధ్యమాలలోనూ ఇకముందు కనిపెట్టబోయే మాధ్యమాలలోనూ, విశ్వమంతటా, శాశ్వతంగా, రద్దు చేసుకునే వీలు లేకుండా వాడుకోవడానికి ఒప్పుకుంటున్నాను అని దాని సారం. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఇల్లాలు ఈ కాగితం మీద బొటనవేలు ఆనిస్తే, అంగారక గ్రహం మీద తన బొమ్మ చూపించే హక్కు కూడా రాసిచ్చేసినట్టే. కాబోయే వియ్యాలవారి సెల్‌ఫోన్‌లో ఆ బొమ్మ కనిపించవచ్చన్న సంగతి మాత్రం ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

ఆ వాక్యం వెనుక దురుద్దేశం ఏమీ లేదు. టీవీ సంస్థలు, ఓటీటీలు సినిమా కొనేటప్పుడు, అందులో కనిపించేవాళ్లు రేపు కోర్టుకెక్కరన్న భరోసా అడుగుతాయి. అలాంటి దావాల నుంచి కాపాడే బీమా కూడా ఒకటుంది. ఆ బీమా ఇచ్చే కంపెనీ కూడా రిలీజులు ఉన్నాయా అని అడుగుతుంది. కాబట్టి నిర్మాతకు ఆ కాగితం కావలసిందే. చిక్కేమిటంటే, ఆ కాగితం నిర్మాతను కాపాడటానికి పుట్టింది. ఎదుటి మనిషికి విషయం తెలియజెప్పడం దాని పని కాదు. తెలియజెప్పడం వేరే పని. అది మాటల్లో జరగాలి, కాగితం కంటే ముందు జరగాలి. ఈ రెండు పనులనూ ఒకే అయిదు నిమిషాల్లో, కెమెరా స్టాండు బిగిస్తూ బిగిస్తూ కానిచ్చేయడం దగ్గరే అసలు తప్పు మొదలవుతుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్నే తీసుకుందాం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కారణం ఇదీ అని తేలని మూత్రపిండాల జబ్బు ఏళ్ల తరబడి మనుషులను తినేస్తోంది. ఎందరో దాని గురించి రాశారు, తీశారు. అక్కడ ఒక కుటుంబం మీద డాక్యుమెంటరీ తీస్తున్నారని అనుకుందాం. భర్తకు వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. భార్య జీడి పనికి పోతుంది. ఇంట్లో పెళ్లీడుకొచ్చిన కూతురు, పదిహేనేళ్ల కొడుకు ఉన్నారు. కుటుంబం ఊహించినదే గాని, ఇక్కడ చెప్పే చిక్కులు కల్పితాలు కావు. ఈ పనిలో ఉన్నవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొన్నవే.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. కెమెరా అంటే తెలియనివాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారని చాలామంది అడుగుతారు. నిజమే, ఆ ఇంట్లోనూ స్మార్ట్‌ఫోన్ ఉంటుంది. కొడుకు రీల్స్ చూస్తాడు, తల్లి వీడియోకాల్‌లో చెల్లెలితో మాట్లాడుతుంది. ఫొటో దిగడం వాళ్లకు కొత్త కాదు. కొత్తది ఆ తర్వాత జరిగేది. రెండు గంటలు మాట్లాడితే రెండు నిమిషాలే ఉంచుతారని, ఆ రెండు నిమిషాలు ఏవో మరొకరు నిర్ణయిస్తారని, పక్కన సంగీతం చేరుతుందని, ఏడాది తర్వాత ఎక్కడో తెలియని ఊళ్లో నలుగురు కూర్చుని చూస్తారని ఆమెకు అనుభవంలో లేదు. ఫొటోలాగే వీడియో కూడా తన ఫోన్‌లోంచి తీసేస్తే పోతుందనే ఆమె లెక్క. కెమెరా అలవాటు లేకపోవడం అంటే ఇదే.

మొదటిసారి వెళ్లినప్పుడు కెమెరా తీసుకెళ్లకూడదు. ఎవరి వెంట వెళ్లామన్నది అంతకన్నా ముఖ్యం. ఆసుపత్రి నర్సు వెంట వెళ్తే ఆసుపత్రివాళ్లం అవుతాం. సర్పంచి వెంట వెళ్తే ప్రభుత్వం మనుషులం. కిడ్నీ రోగులకు పింఛను వచ్చే ఊరది. పెద్ద బ్యాగులతో వచ్చిన చొక్కా ప్యాంట్ల మనుషులు ఏదో రాసుకుంటున్నారంటే, కాదంటే పింఛను ఆగుతుందేమోనన్న భయం, అవునంటే పెరుగుతుందేమోనన్న ఆశ పక్కపక్కనే పుడతాయి. భయంతోనో ఆశతోనో అన్న అవును ఒప్పందం కాదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టమే ఈ మాట చెబుతుంది. వయసు వల్లనో, జబ్బు వల్లనో, మానసిక, శారీరక బాధ వల్లనో తెలివి స్తిమితంగా లేని మనిషితో ఒప్పందం చేసుకుంటే, అవతలివాళ్లది పైచేయి అయినట్టు ఆ చట్టం 16వ సెక్షన్ లెక్కగడుతుంది. నాలుగు గంటల డయాలసిస్ ముగించుకుని నీరసంతో మంచం మీద వాలిన మనిషి చేత సంతకం పెట్టించుకోవడం సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది. డయాలసిస్ లేని రోజు, పొద్దున పూట, ఇంటి దగ్గర మాట్లాడాలి. ఆసుపత్రిలో చిత్రీకరించడానికి ఆసుపత్రి ఇచ్చే అనుమతి వేరు, రోగి సమ్మతి వేరు. మొదటిది ఉంది కదా అని రెండోది అడగకుండా వదిలేసేవాళ్లు తక్కువేమీ లేరు.

ఆ తర్వాత మాటలతో వివరించడం మొదలుపెడితే లాభం లేదు. చూపించాలి. నేను చూసినంతలో అన్నిటికంటే బాగా పనిచేసేది ఒక చిన్న ప్రయోగం. ఫోన్ తీసి ఆమెతో ఏదో మామూలు సంగతి మీద, ఈ ఏడు జీడి పంట గురించో వంట గురించో, రెండు నిమిషాలు మాట్లాడించి రికార్డు చేస్తారు. ‘‘మా ఆడపడుచు మంచిదే గానీ కోపం ఎక్కువ, అయినా నన్ను బాగానే సూత్తాది’’ అని ఆమె అందనుకోండి. అక్కడే కూర్చుని, ఆ ఫోన్‌లోనే, ముందూ వెనకా కోసేసి, ‘‘కోపం ఎక్కువ’’ అన్న రెండు ముక్కలు మాత్రం ఉంచి వినిపిస్తారు. మొదట నవ్వుతారు. ఒక క్షణం ఆగి, ‘‘నేనలా అనలేదు కదా బాబూ’’ అంటారు. ఎడిటింగ్ అంటే ఏమిటో గంట ఉపన్యాసం చెప్పినా రానిది ఆ ఒక్క మాటతో వచ్చేస్తుంది. ఆ తర్వాత ఆమె అడిగే ప్రశ్నలు మారిపోతాయి. ‘ఎప్పుడు తీత్తారు’ అన్నవాళ్లు ‘ఏది ఉంచుతారు, ఏది తీసేత్తారు’ అని అడుగుతారు. చూపించాక ఆ క్లిప్పును ఆమె ముందే డిలీట్ చేయాలి.

జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు కెమెరా చేతబట్టినప్పుడు, పైనుంచి కిందికి చూసే షాట్‌కు పటేల్ షాట్ అని, సూటిగా ఎదురెదురుగా తీసే దానికి సంగం షాట్ అని పేర్లు పెట్టుకున్నారు. అక్షరం రాకపోయినా కెమెరా రాజకీయం మనకంటే పదునుగా పట్టుకోగలరనడానికి ఆ పేర్లు చాలు. చదువు లేనివాళ్లకు ఇవన్నీ అర్థం కావులే అని వివరించకుండా తప్పించుకునే దర్శకులకు నేను చెప్పే జవాబు ఇదే.

ఇక నష్టం సంగతి. ‘దీనివల్ల మీకేమైనా ఇబ్బంది ఉందా’ అని అడిగితే లేదనే అంటారు. ఇంటికొచ్చినవాళ్లతో అంతకంటే ఏమంటారు? అడగాల్సింది మనుషుల పేరున. ఈ సినిమా ఎవరు చూస్తే మీకు బాగుండదు? అల్లుడి తరఫువాళ్లా, జీడి ఫ్యాక్టరీ యజమానా, అప్పిచ్చినాయనా, ఊరి పెద్దా? ఉద్దానంలో ఈ ప్రశ్నకు బరువైన జవాబు ఉంది. ఆ ఊళ్లకు పిల్లనివ్వడానికి, అక్కడి పిల్లను చేసుకోవడానికి బయటివాళ్లు వెనకాడుతున్నారన్నది ఎన్నోసార్లు వార్తల్లోకెక్కిన సంగతే. తండ్రి డయాలసిస్ మంచం మీద ఉన్న దృశ్యం పదిమందీ చూస్తే, దాని ధర కట్టేది కూతురు కావచ్చు. అంటే ఒప్పుకోవాల్సింది కెమెరా ముందు కూర్చున్న ఒక్క మనిషే కాదు. ఆ మాటల వల్ల నష్టపోగలిగిన వాళ్లను కూడా, మగపెద్ద పక్కన లేనప్పుడు, విడివిడిగా అడగాలి. భర్త సరే అన్నాక భార్య కాదనదు, తండ్రి సరే అన్నాక కూతురు నోరెత్తదు. ఇంట్లో అందరినీ ఒకేచోట కూర్చోబెట్టి అడిగితే వినిపించేది ఒక్క గొంతే.

అర్థమైందా అని అడగడం కూడా వృథా. అర్థం కాకపోయినా తలూపడం మన మర్యాద. ఆరోగ్య కార్యకర్తల దగ్గర నేర్చుకోదగ్గ పద్ధతి ఒకటుంది. విన్నదాన్ని ఆమె చేతే మరొకరికి చెప్పించాలి. పక్కింటావిడను పిలిచి, మేమెందుకొచ్చామో మీరే చెప్పండమ్మా అంటే చాలు. ‘‘ఒదినా, ఈ బాబులు మా ఇంటాయన జబ్బు మీద సినిమా తీత్తారట. నేను సెప్పిందంతా ఎయ్యరట, కొంచెమే ఏత్తారట. సెల్లుల్లో కూడా వత్తాదట. సంకురాత్రి లోపల వద్దంటే తీసేత్తారట’’ అని ఆమె చెప్పగలిగితే పని అయినట్టే. ‘‘మాకు మందులు ఇప్పించడానికొచ్చినారు’’ అంటే మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఆ రోజు షూటింగ్ లేనట్టే. నిర్మాతకు ఇది రుచించదు, రోజుకింత అని కెమెరా అద్దె నడుస్తూ ఉంటుంది. అందుకే ఈ మాటలన్నీ కెమెరా అద్దెకు తీసుకోకముందే అయిపోవాలి.

అప్పుడు కాగితం. మంచి రిలీజ్ రెండు పేజీలు దాటదు. గట్టిగా చదివితే పది నిమిషాల్లో అయిపోవాలి. ఆమె మాట్లాడే తెలుగులో ఉండాలి. ‘ఇందుమూలముగా’ అంటూ మొదలుపెట్టిన తెలుగు కాగితం ఇంగ్లీషు కాగితం కంటే ఏమీ మెరుగు కాదు. ఒకే సంతకంతో అన్నీ కట్టిపడేయకుండా, ముఖం, పేరు, ఊరి పేరు, గొంతు, ఇంటి లోపలి దృశ్యాలు వేటికవి విడిగా అడగాలి. ముఖానికి సరే అన్న మనిషి ఊరి పేరుకు వద్దనవచ్చు. సినిమా వేరు, పోస్టరు వేరు, ట్రైలర్ వేరు. రెండు గంటల కథలో భాగంగా ఏడవడానికి ఒప్పుకున్న తల్లి, ముప్పై సెకన్ల ట్రైలర్‌లో ఏడుపు మాత్రమే కనిపించడానికి ఒప్పుకున్నట్టు కాదు. చందాలు పోగుచేసే ప్రకటనలకు వాడాలంటే మళ్లీ వచ్చి అడుగుతామని రాయాలి.

చదివి వినిపించే మాటలు ఇలా ఉండవచ్చు: ‘మీరు చెప్పినవన్నీ సినిమాలో రావు. ఏవి ఉంచాలో మేం నిర్ణయిస్తాం. కానీ ఒక ప్రశ్నకు మీరు చెప్పిన జవాబును ఇంకో ప్రశ్నకు చెప్పినట్టు అతికించం. మాట్లాడుతుండగా ఎప్పుడైనా ఆపమనవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. సినిమా పూర్తి కాకముందు మీ భాగం మీకు చూపిస్తాం. సంక్రాంతి లోపు వద్దంటే మీ మాటలు తీసేస్తాం. సంక్రాంతి దాటాక సినిమా బయటికి వెళ్లిపోతుంది, అప్పుడు తీయడం మా చేతిలో ఉండదు.’

ఆ చివరి వాక్యం చెప్పడానికే చాలామందికి నోరు రాదు. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని తియ్యగా చెప్పేస్తారు. అది అబద్ధం. టీవీకి అమ్మి, ఎక్కడెక్కడో ప్రదర్శించాక, నెట్‌లోకి ఎక్కి నలుగురు డౌన్‌లోడ్ చేసుకున్నాక వెనక్కి తేవడం ఎవరి తరం కాదు. ఎడిటింగ్ ఖరారయ్యే రోజు దాకా తలుపు తెరిచే ఉంటుంది. ఆ రోజు ఎప్పుడో ఆమె గుర్తుపెట్టుకోగలిగే పండగతోనో, పంటతోనో ముడిపెట్టి చెప్పాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, తెలిసి ఇచ్చినదై ఉండాలంటుంది. నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో, అంటే తెలుగులోనూ, చదువుకునే వీలుండాలని, ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలని చెబుతుంది. ‘రద్దు చేసుకునే వీలు లేకుండా’ అన్న పాత నమూనా మాటకు, దీనికి పొసగదు. నిర్మాతలు తమ లాయర్లను కూర్చోబెట్టి తేల్చుకోవాల్సిన విషయమిది.

డబ్బు గురించి ఏమీ రాయకుండా వదిలేయడం మరో అలవాటు. ఇంటర్వ్యూకు డబ్బివ్వకూడదన్నది ఈ రంగంలో చాలామంది పాటించే నియమం. డబ్బు కోసం మాట మారుతుందన్నది భయం. కానీ జీడి పనికి పోకుండా కూర్చుంటే ఆ రోజు కూలి పోతుంది. అది ఇవ్వడం మాటను కొనడం కాదు. పోయిన కూలి ఇస్తాం, సినిమాకు లాభం వచ్చినా మీకు వాటా ఉండదు, లేదా ఇంత ఉంటుంది అని ఏదో ఒకటి తేటగా రాయాలి. ముదుమలై ఏనుగుల సంరక్షకుల మీద తీసి 2023లో ఆస్కార్ గెలిచిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ విషయంలో, అందులో కనిపించిన దంపతుల తరఫున అదే ఏడాది డబ్బు గురించి లీగల్ నోటీసు వెళ్లింది. నిర్మాతలు ఆ ఆరోపణలను తోసిపుచ్చారు. ఎవరిది న్యాయమో ఇక్కడ తేల్చలేం. డబ్బు మాట మొదట్లో ఎంత మొహమాటంగా ఉన్నా, సినిమాకు పేరొచ్చాక అంతకు పదింతలు చేదవుతుందన్నది మాత్రం నిజం.

వేలిముద్ర దగ్గర ఒక చిన్న చిక్కుంది. జీడిపిక్క తొక్కలోని సొన చర్మాన్ని తినేస్తుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసినవాళ్ల వేళ్ల గీతలు అరిగి, ముద్ర కాగితం మీద నల్లటి మరకలా పడుతుంది. అందుకని గొంతు కూడా రికార్డు చేయాలి. తేదీ, ఊరు, సినిమా పేరు, కాగితం చదివి వినిపించినట్టు, ఆమె అడిగిన ప్రశ్నలు, దేనికి సరే దేనికి వద్దు, అన్నీ ఆమె నోటితోనే. సాక్షి సినిమా బృందంలోని మనిషి కాకూడదు. ఆమెకు అప్పిచ్చినాయన, పనిచ్చినాయన అసలే కాకూడదు. ఊళ్లో చదువుకున్న చుట్టమో, స్వయం సహాయక సంఘంలో లెక్కలు రాసే అమ్మాయో అయితే మంచిది. కాగితం ఒక ప్రతి అక్కడే వదలాలి. దాని మీద ఫోన్ నంబరు పెద్ద అంకెల్లో ఉండాలి. సినిమా అయిపోగానే ఉద్యోగం మారిపోయే అసిస్టెంట్ నంబరు అక్కడ పనికిరాదు.

పదిహేనేళ్ల కొడుకు మాట్లాడితే? పద్దెనిమిది నిండనిదే ఒప్పందం చెల్లదు. తల్లిదండ్రులు సంతకం పెట్టాలి, పిల్లవాడూ సరే అనాలి. వాడు వద్దంటే తండ్రి సంతకానికి విలువ ఇవ్వకూడదు. ఝార్ఖండ్‌లో అత్యాచారానికి గురైన పదమూడేళ్ల బాలిక, ఆమె తండ్రి న్యాయపోరాటం మీద నిషా పాహుజా తీసిన ‘టు కిల్ ఎ టైగర్’ 2022లో వచ్చింది. ఆ అమ్మాయికి పద్దెనిమిది నిండాక సినిమా చూపించి, ముఖం ఉంచాలా వద్దా అని ఆమెనే అడిగారు. ఆమె ఉంచమంది. మన చట్టంలో లైంగిక నేరాల బాధితుల గుర్తింపు బయటపెట్టడం శిక్షార్హం, పిల్లల విషయంలో పోక్సో మరింత కఠినం. కాబట్టి అలాంటి కథల్లో ఇంట్లోవాళ్ల సంతకం ఉంది కదా అని ముందుకు పోవడం కుదరదు. మామూలు కథల్లో కూడా, పిల్లవాడు పెద్దయ్యాక మళ్లీ అడుగుతామని ఒక్క వాక్యం రాసుకుంటే పోయేదేమీ లేదు.

ముఖం వద్దన్నవాళ్ల విషయంలో మాట తప్పడం ఎక్కువగా నిర్లక్ష్యం వల్ల జరుగుతుంది. ముఖాన్ని చీకట్లో పెట్టి తీస్తారు. కంప్యూటర్‌లో కాస్త వెలుతురు పెంచితే కళ్లూ ముక్కూ కనిపిస్తాయి. ముఖం మసక చేస్తారు, వెనకాల గోడ మీద రేషన్ డిపో బోర్డు ఊరి పేరుతో సహా మెరుస్తుంటుంది. గొంతు అలాగే వదిలేస్తారు. ఊరివాళ్లు మనిషిని గుర్తుపట్టేది ముందు గొంతుతోనే. తర్వాత మసక చేస్తాంలే అనుకుంటే, మసక లేని అసలు ఫైలు హార్డ్ డిస్క్‌లో ఉండనే ఉంటుంది. వద్దన్నవాళ్లను ముఖం రాకుండానే తీయాలి. వీపు వైపు నుంచి తీయవచ్చు, జీడి ఒలిచే చేతులు తీయవచ్చు. మాటలను మరొకరి గొంతుతో చెప్పించవచ్చు. తీశాక అక్కడే ఆ ఇంటి మనిషికి చూపించి, మిమ్మల్ని ఎవరైనా గుర్తుపడతారా అని అడగాలి. మన కంటికి కనబడని ముక్కెర, గుమ్మం పక్కన జామచెట్టు ఆమె కంటికి కనబడతాయి.

రఫ్ కట్ చూపించడానికి వెళ్లినప్పుడు పంచాయతీ ఆఫీసులో తెర కట్టకండి. పదిమంది ముందు, ‘నా మాట తీసేయండి’ అనడం ఎవరికీ రాదు. ఇంట్లో, ల్యాప్‌టాప్‌లో, ఆమె రమ్మన్నవాళ్ల మధ్య చూపించాలి. అభిప్రాయం ఆ పూటే అడక్కూడదు. మర్నాడు మళ్లీ కలవాలి. దర్శకులకు ఇదంటే గుండెదడ, సినిమా పగ్గాలు చేజారిపోతాయేమోనని. ఆమెకిచ్చింది తన భాగం మీద మాట చెప్పే హక్కే గాని, సినిమా మొత్తం మీద కాదు. కిడ్నీ జబ్బు మీద ప్రభుత్వాన్ని దర్శకుడు విమర్శించాడనుకోండి, ఆ విమర్శ ఆమె ఇష్టంతో పనిలేకుండా ఉండవచ్చు. ఆ విమర్శ పక్కన తన ముఖం కనిపించాలా అన్నది మాత్రం ఆమె ఇష్టం. ఈ గీత ఎక్కడుందో మొదటిరోజే చెప్పుకుంటే తర్వాత పేచీ ఉండదు.

ఇంత చేశాక కూడా పని చెడేచోటు ఒకటుంది. కాగితాలు దర్శకుడి బీరువాలో, ఫైళ్లు ఎడిటర్ హార్డ్ డిస్క్‌లో ఉంటాయి. ఏడాది తర్వాత హైదరాబాద్‌లో ట్రైలర్ కోసే కుర్రాడికి ఆ ఇల్లాలు ఊరి పేరు వద్దన్న సంగతి ఎలా తెలుస్తుంది? అందుకని షరతు ఫైలుతో పాటే ప్రయాణం చేయాలి. షూటింగ్ ముగిసిన ఆ రాత్రే, ఫుటేజీ కాపీ చేసేటప్పుడే, ఫోల్డర్ పేరులోనే ‘ముఖం సరే, ఊరు వద్దు, ట్రైలర్ వద్దు’ అని రాసేయాలి. ఏ క్లిప్పులో ఎవరున్నారో, ఎవరి షరతు ఏమిటో, ఎప్పటిలోగా వెనక్కి తీసుకోవచ్చో ఒక పట్టిక చేసి ఎడిటర్‌కు, ట్రైలర్ కోసేవాళ్లకు, పోస్టరు వేసేవాళ్లకు పంపాలి. వాడని ఫుటేజీని ఎన్నాళ్లు దాస్తారో, ఎవరికి ఇస్తారో కూడా ఆ పట్టికలోనే ఉండాలి. ఉద్దానం మీద రేపు ఇంకెవరో సినిమా తీస్తూ పాత దృశ్యాలు అడిగితే, ఇచ్చే ముందు ఆ కాగితం మీది నంబరుకు ఫోన్ చేసి మళ్లీ అడగాలి. ఈలోగా ఆ అమ్మాయికి పెళ్లయి ఉండవచ్చు, ఆ తండ్రి బతికి ఉండకపోవచ్చు, అప్పుడు సరే అన్నది ఇప్పుడు వద్దనవచ్చు.